నిజామియా మదరసాలు: వజీరు పత్రంలో రాసిందేమిటి, లోపల చెప్పిందేమిటి

1067 సెప్టెంబర్ 22న బాగ్దాద్ నగరంలో టైగ్రిస్ నది తూర్పు ఒడ్డున కొత్త మదరసా తెరుచుకుంది. ఊళ్లో పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. తొలి పాఠం చెప్పాల్సిన అబూ ఇస్‌హాక్ అల్ షీరాజీ మాత్రం రాలేదు. సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన షాఫీలో అప్పట్లో ఆయనను మించినవాడు లేడు. దారిలో ఒక కుర్రవాడు ఆయనను ఆపి, ఇతరుల నుంచి గుంజుకున్న చోట మీరు పాఠం ఎలా చెబుతారని అడిగాడట. మదరసా కోసం చుట్టుపక్కల ఇళ్లు పడగొట్టారనీ, ఆ సామాను ఇందులో వాడారనీ ఊళ్లో అనుకుంటున్నారు. ధర్మశాస్త్రం చెప్పడానికి బయల్దేరిన మనిషి ఆ ప్రశ్నకు జవాబు లేక వెనక్కి తిరిగాడు.

జనాన్ని ఊరికే పంపలేక ఇబ్న్ అల్ సబ్బాగ్ అనే మరో షాఫీ పండితుణ్ని కూర్చోబెట్టి పాఠం చెప్పించారు. మదరసా కట్టించిన నిజాముల్ ముల్క్‌కు, అంటే ఆనాటి సెల్జూక్ తురుష్క సుల్తాన్ వజీరుకు, ఈ సంగతి తెలిసి కోపం వచ్చింది. ఇబ్న్ అల్ సబ్బాగ్ 20 రోజులే పనిచేశాడు. ఈలోగా షీరాజీ శిష్యులే ఆయనపై ఒత్తిడి తెచ్చారు. మీరు వెళ్లకపోతే మేమే ఇబ్న్ అల్ సబ్బాగ్ దగ్గరికి పోతామన్నారు. షీరాజీ ఒప్పుకున్నాడు. అయినా నమాజు వేళకు మదరసా దాటి దగ్గర్లోని మసీదుకు వెళ్లేవాడని చరిత్రకారులు రాశారు.

నిజామియా మదరసాల గురించి పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఒకే వాక్యం కనిపిస్తుంది: షియా ప్రచారాన్ని ఎదుర్కోవడానికి సెల్జూక్ ప్రభుత్వం పెట్టిన సున్నీ విద్యాలయాలు. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. డబ్బు ఎవరిది, పదవి ఎవరి చేతిలో ఉంది, రోజూ చెప్పిన పాఠం ఏమిటి అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేస్తే ఈ సంస్థ అర్థం కాదు.

ముందు పేరు దగ్గర ఒక మాట. నిజాముల్ ముల్క్ అంటే రాజ్యానికి క్రమం తెచ్చినవాడు అని అర్థం. అది బిరుదు. ఈయన అసలు పేరు హసన్, ఇరాన్‌లోని తూస్ ప్రాంతంవాడు, 1018లో పుట్టాడు. హైదరాబాద్ అసఫ్‌జాహీ వంశ మూలపురుషుడికి 18వ శతాబ్దంలో మొఘలులు ఇచ్చింది కూడా ఇదే బిరుదు. అంతకు మించి ఇద్దరికీ సంబంధం లేదు. అలాగే మన దగ్గరి మదరసాల్లో వినిపించే ‘దర్సె నిజామీ’ పాఠ్యక్రమానికి కూడా ఈ వజీరుతో సంబంధం లేదు. అది లక్నోకు చెందిన 18వ శతాబ్దపు ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చింది. ఈ రెంటినీ కలిపేసి రాసినవి తరచూ కనిపిస్తుంటాయి.

అసలు గొడవ సున్నీల ఇంట్లోనే

నిజాముల్ ముల్క్‌కు ముందు వజీరుగా ఉన్న అల్ కుందురీ మరో సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయమైన హనఫీ వాడు. సుల్తాన్ తుగ్రిల్ బేగ్ కాలంలో తూర్పు ఇరాన్‌ వైపున్న ఖురాసాన్‌లో మసీదు వేదికల మీద నుంచి అష్‌అరీ మతవాదులను శపించాలని ఆజ్ఞ వచ్చింది, దాని వెనుక ఉన్నది ఈయనే. అష్‌అరీలంటే దేవుని గుణాల వంటి ప్రశ్నలను తర్కంతో చర్చించే సున్నీ వేదాంతులు, ధర్మశాస్త్రంలో ఎక్కువగా షాఫీలు. అక్కడి నీషాపూర్ నగరంలో పెద్ద పండితుడు అల్ జువైనీ ఊరు విడిచి మక్కా, మదీనాలలో తలదాచుకోవాల్సి వచ్చింది. ‘రెండు పుణ్యనగరాల ఇమాం’ అన్న పేరు ఆయనకు ఆ ప్రవాసం నుంచే వచ్చింది.

తుగ్రిల్ 1063లో చనిపోయాడు. అల్ప్ అర్సలాన్ సుల్తాన్ అయ్యాడు, నిజాముల్ ముల్క్ వజీరు అయ్యాడు, మరుసటి ఏడాది కుందురీ తల తెగింది. శాపాలు ఆగిపోయాయి. జువైనీని వెనక్కి పిలిపించి నీషాపూర్‌లో ఆయన కోసమే మదరసా కట్టించారు. ఆయన దాదాపు 30 ఏళ్లు అక్కడ పాఠం చెప్పాడు. అంటే నీషాపూర్ నిజామియా పుట్టుకకు దగ్గరి కారణం కైరోలోని షియా ఖలీఫా కాదు, అదే ఊళ్లోని మరో సున్నీ పక్షం.

షియా భయం లేదని కాదు. కైరోలో ఫాతిమీ వంశపు షియా ఖలీఫాలు, వాళ్ల షియా శాఖ అయిన ఇస్మాయిలీ ప్రచారకులు, అల్ అజ్‌హర్ విద్యాకేంద్రం అన్నీ ఉన్నాయి. 1058 చివర బసాసీరీ అనే సేనాని బాగ్దాద్‌ను పట్టుకుని దాదాపు ఏడాది పాటు ఫాతిమీ ఖలీఫా పేరు మీద ఖుత్బా, అంటే శుక్రవారం నమాజు ప్రసంగం చదివించాడు. సున్నీల అబ్బాసీ ఖలీఫా రాజధానిలోనే అది జరిగింది. బాగ్దాద్ మదరసా పని 1065లో మొదలైంది, కాబట్టి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అయితే ఇరాన్ ఇస్మాయిలీలు తమ నాయకుడు హసన్ సబ్బాహ్ ఆధ్వర్యంలో అలముత్ కోటను పట్టింది 1090లో. నిజామియా కట్టినప్పుడు ఆ శత్రువు ఇంకా రంగంలో లేడు. తర్వాతి శత్రువును ముందు కాలానికి తెచ్చి కారణంగా చూపడం ఈ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు.

మదరసాలు పెట్టిన తొలి మనిషి ఈ వజీరే అనడం కూడా తప్పే. 14వ శతాబ్దపు షాఫీ చరిత్రకారుడు సుబ్కీ ఆనాడే దీన్ని ఖండించాడు. వజీరు పుట్టకముందే నీషాపూర్‌లో బైహకియా మదరసా ఉందన్నాడు. సుబ్కీ జాబితాలో ఈయన కట్టించినవి తొమ్మిది ఊళ్లలో ఉన్నాయి: బాగ్దాద్, బల్ఖ్, నీషాపూర్, హేరాత్, ఇస్ఫహాన్, బస్రా, మెర్వ్, ఆముల్, మోసుల్. విద్యార్థులకు భృతి ఏర్పాటు చేయడంలో మాత్రం ఈయన మొదటివాడు కావచ్చని సుబ్కీ ఊహించాడు. కొత్తదనం భవనంలో లేదు, ఆ భవనం నడిచే తీరులో ఉంది.

వక్ఫ్ పత్రం అనే మీట

ఆనాడు విద్యాశాఖ లేదు, ఖజానాలో చదువు పద్దు లేదు. మదరసా నడిచేది వక్ఫ్ మీద. ఒక యజమాని తన ఆస్తిని ధర్మకార్యానికి శాశ్వతంగా కట్టేస్తాడు. ఇక దాన్ని అమ్మకూడదు, పంచకూడదు, వారసులకు పోదు. దాని రాబడి మాత్రం పత్రంలో రాసిన పనికే వెళ్లాలి. దాత పెట్టిన షరతులు మతానికి విరుద్ధం కానంతవరకు ఖాజీ వాటిని అమలు చేయాల్సిందే. ఆస్తిని అజమాయిషీ చేసేవాణ్ని దాతే నియమించుకోవచ్చు, ఆ హక్కును తన వంశానికి ఉంచుకోవచ్చు.

బాగ్దాద్ నిజామియా పత్రం 1070లో పెద్దల సమక్షంలో చదివి వినిపించారు. అందులోని ముఖ్యాంశాలను ఇబ్న్ అల్ జౌజీ అనే చరిత్రకారుడు భద్రపరిచాడు, ఆయన హంబలీ అనే మరో సున్నీ సంప్రదాయం వాడు. మదరసాకూ, దాని గుమ్మం పక్కనున్న బజారుకూ, ఇతర ఆస్తులకూ కలిపి రాసిన షరతు ఇది: లబ్ధి పొందేవాళ్లు మూలంలోనూ శాఖలోనూ షాఫీలై ఉండాలి. పాఠం చెప్పే ముదర్రిస్, ధర్మబోధ చేసే వక్త, గ్రంథాలయం చూసేవాడు, ముగ్గురికీ ఇదే నియమం. ఖురాన్ చదవడం నేర్పేవాడు ఒకడు, అరబ్బీ వ్యాకరణం చెప్పేవాడు ఒకడు ఉండాలి. ఒక్కొక్కరికీ రాబడిలో వాటా ఉంటుంది.

‘మూలంలోనూ శాఖలోనూ’ అన్న మాట దగ్గర ఆగాలి. శాఖ అంటే ధర్మశాస్త్రంలోని విధినిషేధాలు: నమాజు, వివాహం, వారసత్వం, కొనుగోలు. మూలం అంటే వాటి కింద ఉండే సిద్ధాంతం. శాఖలో షాఫీగా ఉంటూ సిద్ధాంతంలో వేరే దారి పట్టినవాళ్లు ఉన్నారు, ఆ సందును మూయడానికే రెండో మాట చేర్చినట్టు కనిపిస్తుంది. కానీ గమనించండి, వేదాంత చర్చ అంటే కలాం చెప్పే అధ్యాపకుడు ఈ జాబితాలో లేడు. అష్‌అరీ అన్న పదం కూడా అందులో లేదు. ప్రత్యర్థి సిద్ధాంతాన్ని ఖండించే పీఠం అని పేరు పడిన చోట ఖండన పాఠానికి జీతమే రాయలేదు. మదరసా చట్టం నేర్పే కళాశాల. సిద్ధాంతం అక్కడ చేరడానికి అర్హత, పాఠ్యాంశం కాదు.

ఇందులో రాజకీయం ఎక్కడుందంటే నియామకంలో. బాగ్దాద్ పెద్ద జామా మసీదుల్లో పాఠం చెప్పే స్థానం కావాలంటే ఖలీఫా అనుమతి తప్పనిసరి. మదరసాకు అది అక్కర్లేదు, ఎందుకంటే అది దాత వక్ఫ్. ఖలీఫా నగరంలోనే ఖలీఫాను అడగకుండా ఒక ప్రముఖ ధర్మపీఠాన్ని సుల్తాన్ వజీరు తన చేతిలో ఉంచుకోగలిగాడు. 1090లో దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ కనిపిస్తుంది. అల్ తబరీ అనే పండితుడు వజీరు నియామక పత్రంతో వచ్చి పాఠం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే అబ్దుల్ వహ్హాబ్ షీరాజీ అనే మరొకరు అదే పదవికి అలాంటి పత్రంతోనే దిగాడు. ఇద్దరూ చెరో రోజు పాఠం చెప్పుకున్నారు. 1091లో జువైనీ శిష్యుడైన ప్రసిద్ధ పండితుడు గజాలీ వచ్చేదాకా అదే సాగింది. స్థానికంగా ఎవరూ తేల్చలేకపోయారు, ఎందుకంటే తేల్చే అధికారం ఊళ్లో లేదు.

కాబట్టి ‘ప్రభుత్వ కళాశాల’ అన్నమాట చట్టరీత్యా సరికాదు, ఆచరణలో దగ్గరగా వస్తుంది. కాగితం మీద ఇది ఒక మనిషి చేసిన దానం. ఆ మనిషి రాజ్యం నడిపేవాడు కావడంతో, అతని సంపద, అతని ఉత్తరం, అతని కోపం, మూడూ రాజ్యబలంతోనే వచ్చేవి.

ఒక న్యాయవేత్త తయారయ్యే క్రమం

విద్యార్థి వచ్చేటప్పటికే ఖురాన్ కంఠస్థం, కొంత అరబ్బీ ఉండేవి. ముదర్రిస్ పాఠం చెబుతుంటే రాసుకునే నోటుపుస్తకాన్ని తాలీకా అంటారు. గురువు మాటతో పాటు ఇతర గ్రంథాల నుంచి ఎత్తి రాసుకున్నవి, చర్చలో విన్న అభ్యంతరాలు అన్నీ అందులోకి చేరతాయి. పాఠం ముగిశాక మూయిద్ అనే సహాయకుడు దాన్ని మళ్లీ చెప్పిస్తాడు. ఆ తర్వాత ఎవరికి వారు వల్లె వేయాలి. తాను ప్రతి పాఠాన్ని వందసార్లు, ప్రతి ఉపమాన వాదాన్ని వెయ్యిసార్లు వల్లె వేసేవాణ్నని షీరాజీ చెప్పినట్టు ఉంది. అంకె కాస్త పెంచి చెప్పినదైనా పద్ధతి అదే. సుమారు నాలుగేళ్లకు ప్రాథమిక శిక్షణ అయ్యేది. తర్వాత గురువు దగ్గరే ఉండి వాదనలో చెయ్యి తిప్పుకోవాలి.

తాలీకాలో ఉంటే చాలదు, తలలో ఉండాలన్నదానికి గజాలీ కథ చెబుతారు. కుర్రవాడిగా జుర్జాన్ నుంచి తూస్‌కు వస్తుంటే దారిదోపిడీలో అతని తాలీకా పోయింది. అది తిరిగి ఇమ్మని బతిమాలితే, మేము ఎత్తుకెళ్తే పోయే విద్య నీదెలా అవుతుందని దొంగ నవ్వాడట. ఇంటికొచ్చి మూడేళ్లు కూర్చుని మొత్తం కంఠస్థం చేశాడు.

చివరి మెట్టు మునాజరా, అంటే వాదం. దీన్ని ఒక ఉదాహరణతో చూడాలి. వయసొచ్చిన, మతి స్థిమితం ఉన్న స్త్రీ సంరక్షకుడు లేకుండా తన పెళ్లి తానే చేసుకోవచ్చా? హనఫీ చెల్లుతుందంటాడు, షాఫీ చెల్లదంటాడు. షాఫీ విద్యార్థి ముందుగా ‘సంరక్షకుడు లేనిదే వివాహం లేదు’ అన్న ప్రవక్త మాటను, అంటే హదీసును ముందుంచుతాడు. హనఫీ వాది వెంటనే ఒప్పుకోడు. ఆమె తన ఇల్లు తానే అమ్ముకోగలదు కదా, ఆస్తి మీద ఉన్న అధికారం తన మీద లేకుండా పోతుందా అని ఉపమానం తెస్తాడు. ఇప్పుడు షాఫీ విద్యార్థి పని ఆ ఉపమానంలో రెండు విషయాల మధ్య ఉన్న తేడా చూపడం: ఇల్లు అమ్మితే నష్టం ఆమెది, పెళ్లిలో అయితే సరిజోడు కాని సంబంధం వల్ల కుటుంబమంతటికీ హాని ఉంది, కాబట్టి కారణం ఒకటి కాదు. హనఫీ మళ్లీ లేస్తాడు: సరిజోడు కాకపోతే సంరక్షకుడు అభ్యంతరం చెప్పవచ్చు, దానికోసం అసలు పెళ్లే చెల్లదనడం ఎందుకు? ఇలా ఎవరి నోట మాట ఆగిపోతే వాళ్లు ఓడినట్టు. ఎదుటి పక్షం వాదాన్ని దానికంటే బాగా తెలుసుకోకుండా ఇక్కడ నిలబడలేరు. ప్రత్యర్థి సిద్ధాంతాన్ని ఎదుర్కోవడం అన్నది రోజువారీగా జరిగింది ఈ రూపంలోనే.

చదువు ముగిశాక ఇచ్చేది ఇజాజా, బోధించడానికీ ఫత్వా ఇవ్వడానికీ అనుమతి. దాన్ని ఇచ్చేది గురువు, తన పేరు మీద. నిజామియా ముద్ర దాని మీద ఉండదు. ఈ వ్యవస్థలో వజీరు చేతికి అందనిది ఇదే. జీతం అతను ఆపగలడు, పండితుణ్ని మార్చగలడు, కానీ ఎవరు పండితుడో నిర్ణయించేది పండితులే. అందుకే షీరాజీ రానని కూర్చున్నప్పుడు వజీరే 20 రోజులు వేచి ఉండాల్సి వచ్చింది.

ఫలితం మాత్రం నిజంగానే వచ్చింది. 1083లో షీరాజీ ఖలీఫా దూతగా ఖురాసాన్ వెళ్లాడు. దారిలో ఏ ఊళ్లో, ఏ పల్లెలో అడుగుపెట్టినా అక్కడి ఖాజీయో, ముఫ్తీయో, ఖుత్బా చదివేవాడో తన శిష్యుడే కనిపించాడని చెప్పుకున్నాడు.

1077: గుమ్మం దగ్గర వినబడిన పేరు

ఈ ఏర్పాటు ఎక్కడ బెసికిందో చూపే ఘటన ఒకటుంది. నీషాపూర్ నుంచి ఇబ్న్ అల్ కుషైరీ అనే అష్‌అరీ వక్త బాగ్దాద్ వచ్చి నిజామియాలో ప్రసంగాలు మొదలుపెట్టాడు. దేవునికి దేహం ఉన్నట్టు మాట్లాడుతున్నారని హంబలీలను దుయ్యబట్టాడు. షీరాజీ ఆయన పక్షం నిలిచాడు. బాగ్దాద్ వీధుల్లో జనబలం హంబలీలది, వాళ్ల పెద్ద షరీఫ్ అబూ జాఫర్. మాటలు రాళ్లుగా మారి ప్రాణాలు పోయాయి. ఖలీఫా దర్బారు హంబలీలకు కొమ్ముకాస్తోందని అనుమానించిన కుషైరీ పక్షంవాళ్లు అరిచిన నినాదం ‘అల్ ముస్తన్సిర్’. అది కైరో ఫాతిమీ ఖలీఫా పేరు. ఫాతిమీలకు విరుగుడుగా కట్టారని మనం చదువుకునే సంస్థ తరఫువాళ్లు, పక్క సున్నీల మీద కోపంతో, ఆ ఫాతిమీ పేరునే అబ్బాసీ ఖలీఫాకు బెదిరింపుగా వాడారు.

వజీరు షీరాజీకి రాసిన ఉత్తరం సారాంశం ఇబ్న్ అల్ జౌజీ ఇచ్చాడు. సుల్తాన్ విధానం ఒక సంప్రదాయం వైపు మొగ్గడం కాదు, ఈ మదరసాను పండితుల రక్షణకూ ప్రజల మేలుకూ కట్టాం గానీ చీలికలు పెంచడానికి కాదు, ఆ ప్రాంతంలో ఎక్కువమంది ఇమాం అహ్మద్ బిన్ హంబల్‌నే అనుసరిస్తారని మరవద్దు అన్నాడు. ఇబ్న్ అల్ కుషైరీ బాగ్దాద్ విడిచి వెళ్లాల్సి వచ్చింది. నా దృష్టిలో ఈ ఉత్తరం వజీరు అసలు లక్ష్యాన్ని అన్నింటికంటే బాగా చూపుతుంది. ఆయనకు కావలసింది ఒక సిద్ధాంతం గెలుపు కంటే తనకు కట్టుబడిన పండితవర్గం. సిద్ధాంతం ఊరిని తగలబెట్టే పరిస్థితి వస్తే సిద్ధాంతాన్నే పక్కన పెట్టాడు. ఆయన రాజనీతి గ్రంథంలోనూ సరైన దారులు రెండే, ఒకటి హనఫీ, మరొకటి షాఫీ అని రాశాడు. సుల్తానులు హనఫీలు మరి. నిజామియా తెరుచుకున్న 1067లోనే కొద్ది నెలల ముందు సుల్తాన్ ఆర్థికాధికారి షరఫుల్ ముల్క్ బాగ్దాద్‌లో అబూ హనీఫా సమాధి దగ్గర హనఫీ మదరసా తెరిచాడు.

షరతు పెట్టిన చోట దాన్ని తప్పించుకునే దారులూ పుట్టాయి. వ్యాకరణం చెప్పే అల్ ఫసీహీ షియా అని ఫిర్యాదు వచ్చింది. అడిగితే, కాదనను, తల నుంచి కాలిదాకా షియానే అన్నాడు. ఉద్యోగం పోయింది. తర్వాతి కాలంలో ఇబ్న్ అల్ దహ్హాన్ అనే వ్యాకరణవేత్త హంబలీగా మొదలై హనఫీ అయ్యాడు, నిజామియాలో వ్యాకరణ పీఠం ఖాళీ అయ్యాక షాఫీ అయ్యాడు. ఆ మార్పు భక్తితో కాదు, చేతికొచ్చేదాని కోసమని అతని మీద అప్పటి కవి ఒకరు పద్యం కట్టాడు. ఒకరు నిజం చెప్పి పోగొట్టుకున్నాడు, మరొకరు మాట మార్చి సంపాదించుకున్నాడు. జీతాన్ని విశ్వాసానికి ముడిపెడితే లోపలి విశ్వాసాన్ని పత్రం కొలవలేదు.

అనుమానం పీఠాధిపతినీ వదల్లేదు. జువైనీకి మరో శిష్యుడైన అల్ కియా అల్ హర్రాసీ గజాలీ తర్వాత కొన్నేళ్లకు నిజామియాలో ముదర్రిస్ అయ్యాడు. కియా అన్నది ఇరాన్‌లో గౌరవపదం, ఇస్మాయిలీ నాయకులకు కూడా ఉంది. పేరు కలవడంతో ఆయన బాతినీ అని, అంటే ఇస్మాయిలీ అని ఎవరో చెప్పారు, సుల్తాన్ ఆయనను బంధించాడు. ఖలీఫా ముస్తజ్‌హిర్ మనుషులను పంపి ఆయన సున్నీ విశ్వాసానికి సాక్ష్యం చెప్పిస్తే గానీ బయటపడలేదు.

ఇక ఇస్మాయిలీ ఖండన మాటకొస్తే, అది జరిగింది, తరగతిలో కాదు. గజాలీ 1091లో 33 ఏళ్ల వయసులో బాగ్దాద్ పీఠం ఎక్కాడు. తన దగ్గర 300 మంది చదివేవారని ఆయనే రాశాడు. 1092లో వజీరును నహావంద్ దగ్గర సూఫీ వేషంలో వచ్చినవాడు పొడిచి చంపాడు. హత్య అలముత్ వాళ్ల పని అన్నది ఎక్కువమంది మాట, సుల్తాన్ దర్బారులోని ప్రత్యర్థుల చేయి ఉందని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత ఖలీఫా ముస్తజ్‌హిర్ కోరితే గజాలీ బాతినీల మీద ఖండన గ్రంథం రాశాడు. అడిగింది ఖలీఫా, రాసింది పీఠంలో ఉన్న పండితుడు, మదరసా పాఠ్యక్రమంతో దానికి పని లేదు. 1095లో ఆయనే పదవి వదిలి వెళ్లిపోయాడు, తన బోధన దేవుని కోసం కాక పేరుప్రతిష్ఠల కోసం సాగుతోందని చెప్పుకుని.

వజీరు పోయినా వక్ఫ్ నిలిచింది, దానికదే ప్రయోజనం. 1184లో అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ బాగ్దాద్ తూర్పు వైపు సుమారు 30 మదరసాలు చూశాడు, వాటిలో పేరున్నది నిజామియానే అన్నాడు. నిజామియాలో నాకు భృతి ఉండేది, రాత్రింబవళ్లు పాఠమూ వల్లెవేయడమే అని 13వ శతాబ్దంలో పారసీక కవి సాదీ తలుచుకున్నాడు. అయితే ఒకే సంప్రదాయానికి రాసిన షరతు మాత్రం చివరిదాకా ఆదర్శంగా నిలవలేదు. 1234లో బాగ్దాద్‌లోనే అదే నది ఒడ్డున ఖలీఫా తన పేరుతో ముస్తన్సిరియా తెరిచినప్పుడు, పైకప్పు ఒకటే అయినా షాఫీ, హనఫీ, హంబలీ, మాలికీ నలుగురికీ చోటు ఇచ్చాడు, ఒక్కో సంప్రదాయానికి 62 మంది విద్యార్థుల చొప్పున.